అమెరికా కన్సోల్, మన ఇంటి ప్లగ్గు: వైరు మార్చాలా, అడాప్టర్ కొనాలా, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలా?

అమెరికా నుంచి తిరిగి వచ్చేసేవాళ్లు టీవీ, వాషింగ్ మెషీన్ లాంటివి అక్కడే అమ్మేస్తారు. గేమ్ కన్సోల్‌ని మాత్రం బట్టల మధ్యలో చుట్టి తెచ్చేసుకుంటారు. పిల్లలు వదలరు, పైగా అక్కడ కొన్న ధర తక్కువ. తీరా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెట్టె విప్పాక ఒక్కటే టెన్షన్: దీన్ని మన బోర్డులో పెట్టొచ్చా? చుట్టాల్లో ఒకరు "ఏం కాదు, పిన్ను మార్చి పెట్టెయ్" అంటారు. ఇంకొకరు "అమ్మో, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోకు" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే కావొచ్చు. ఎందుకంటే వాళ్లిద్దరి ఇళ్లలో ఉన్న కన్సోళ్లు ఒకటి కాదు.

అమెరికాలో గోడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వీటిలో మీరు పట్టించుకోవాల్సింది వోల్టేజి. కన్సోళ్లకి వచ్చే పవర్ సప్లైలు దాదాపు అన్నీ ఏసీని లోపలికి తీసుకోగానే డీసీగా మార్చేసి, ఆ తర్వాతే తమ పని మొదలుపెడతాయి. అందుకని 50 అయినా 60 అయినా వాటికి పెద్ద తేడా లేదు. బాగా పాత కన్సోళ్లతో వచ్చే బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లది మాత్రం వేరే కథ. వాటిని ఇక్కడ వాడకపోవడమే మంచిది.

ముందు లేబుల్ చదవండి

ఏది కొనాలో తేల్చేది కన్సోల్ పేరు కాదు, దాని పవర్ సప్లై మీద ఉన్న లేబుల్. సప్లై బయట ఉంటే, అంటే అడాప్టర్‌గానో నల్లటి ఇటుకలాగానో ఉంటే, లేబుల్ దాని మీదే ఉంటుంది. సప్లై లోపలే ఉంటే కన్సోల్ అడుగునో వెనకో ఉంటుంది. అక్షరాలు చాలా చిన్నవి, బూడిద రంగు మీద నలుపులో ఉంటాయి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే సులువు. దాదాపు ఈ రెండు రకాల్లో ఒకటి కనిపిస్తుంది:

```
INPUT: 100-240V ~ 50/60Hz
INPUT: 100-127V ~ 47-63Hz
```

మొదటి వరుస ఉంటే మీ పని తేలిక. ఆ సప్లై జపాన్ 100 వోల్టుల నుంచి మన 230 దాకా దేన్నైనా తీసుకుంటుంది. మీకు కావాల్సింది గోడలో దూరే పిన్ను మాత్రమే. రెండో వరుస ఉన్నా, లేదా `120V` అని ఒక్క అంకే ఉన్నా, దాన్ని మన బోర్డులో నేరుగా పెట్టకూడదు. పిన్ను మార్చినా సరే, పెట్టకూడదు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. నెట్‌లో ఎవరో అదే మోడల్‌ని విప్పి చూపించి, "లోపలి సప్లై 240 దాకా తట్టుకుంటుంది" అని చెబితే నమ్మేస్తారు. అతని కన్సోల్ విషయంలో అది నిజమే అయ్యుండొచ్చు. కానీ కంపెనీలు ఒకే మోడల్ పేరుతో రకరకాల సప్లైలు బిగిస్తాయి, ప్రాంతాన్ని బట్టి లేబుల్ కూడా మారుస్తాయి. మీ చేతిలో ఉన్నదానికి మీ లేబులే ప్రమాణం.

120 దాన్ని 230లో పెడితే ఏమవుతుంది

120 వోల్టులు అన్నది ఒక రకమైన సగటు. ఆ తరంగం శిఖరం దగ్గర దాదాపు 170 వోల్టులు ఉంటుంది. సప్లైలో మొదటి పెద్ద కెపాసిటర్ ఆ శిఖరం దాకా నిండుతుంది. అందుకే అమెరికాకే పరిమితమైన సప్లైల్లో 200 వోల్టుల కెపాసిటర్ వేస్తారు, అక్కడికి అది సరిపోతుంది. మన 230 వోల్టుల శిఖరం దాదాపు 325. రెండొందలకి తయారైన కెపాసిటర్ మీద మూడొందల పాతిక పడితే అది ఉబ్బి, పైన గీతలున్న చోట చీలుతుంది. చాలాసార్లు అంతకంటే ముందే వేరిస్టర్ అనే చిన్న బిళ్ల తనలోంచి కరెంటు పారనిచ్చి ఫ్యూజుని కాల్చేస్తుంది. వోల్టేజి హఠాత్తుగా ఎగిరినప్పుడు కాపాడటానికే దాన్ని పెడతారు.

బయటికి మనకి తెలిసేది మాత్రం ఒక 'టప్' శబ్దం, కాలిన వాసన, ఆ తర్వాత నిశ్శబ్దం. సప్లై బయట ఉండే కన్సోల్ అయితే గుండె జారిపోనక్కర్లేదు. చచ్చింది చాలావరకు ఆ ఇటుకే, కన్సోల్ బతికే ఉంటుంది. సరైన సప్లై దొరికాక తగిలించి చూడండి. కాలినదాన్ని రిపేరుకి ఇవ్వడం కంటే మార్చేయడం నయం. ఫ్యూజు, వేరిస్టర్ వేస్తే లేచి కూర్చుంటుందని రిపేరతను అంటాడు, అప్పుడప్పుడు నిజంగానే లేస్తుంది. కానీ ఆ దెబ్బకి లోపల ఇంకేం బలహీనపడ్డాయో ఎవరూ చెప్పలేరు. ఇదంతా చేశాక కూడా అది 120 వోల్టుల సప్లైయే.

తిరగేసి చూస్తే, 230కే తయారైనదాన్ని అమెరికాలో 120లో పెడితే సాధారణంగా ఏదీ కాలదు. ఆన్ అవ్వదు, లేదా ఆన్ అయి గేమ్ మొదలవగానే ఆగిపోతుంది.

మన ముందున్న దారులు

దారులు నాలుగు: పిన్ను మార్చే చిన్న కన్వర్టర్ ముక్క, వైరే మార్చడం, బయటి సప్లైని మార్చడం, వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్. నా లెక్క ఒకటే. గోడకి, కన్సోల్‌కి మధ్య ఎన్ని తక్కువ ముక్కలు ఉంటే అంత మంచిది. అందుకే వైరు మార్చడానికి వీలుంటే కన్వర్టర్ కొనను, సప్లై మార్చడానికి వీలుంటే ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోను. ఇప్పుడు డాలస్ నుంచి వచ్చిన ఒక ఇంట్లో నాలుగు కన్సోళ్లు ఉన్నాయనుకుందాం: ప్లేస్టేషన్ 5, నింటెండో స్విచ్, మొదటి తరం ఎక్స్‌బాక్స్ వన్, పిల్లలు చిన్నప్పుడు కొన్న నింటెండో వీ. నాలుగింటికీ జవాబు వేరు.

ప్లేస్టేషన్ 5: కన్వర్టర్ వద్దు, వైరు మార్చండి

ప్లేస్టేషన్ 5కి సప్లై లోపలే ఉంటుంది. వెనక దూరేది ఎనిమిది అంకె ఆకారంలో ఉండే రెండు రంధ్రాల వైరు. ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లకీ ఇదే. అడుగున లేబుల్ చూసి, అది 240 దాకా ఉందని తేలాక, చేయాల్సిందల్లా అమెరికా వైరు తీసేసి మన వైరు పెట్టడమే.

ఈ వైరుని మన ఎలక్ట్రికల్ షాపుల్లో "టేప్ రికార్డర్ వైరు" అంటే ఇట్టే తీసిస్తారు. చిక్కంతా అక్కడే. టేప్ రికార్డర్ తాగే కరెంటు ఎంత? ఆ పేరుతో వచ్చే చవక వైర్లలో కొన్ని వెంట్రుకంత రాగితో ఉంటాయి. ప్లగ్గు మీద `2.5A 250V` అని అచ్చు వేసి, ఐఎస్ఐ గుర్తు ఉన్నదే తీసుకోండి. లెక్క చూద్దాం. మొదటి ప్లేస్టేషన్ 5 సప్లై గరిష్ఠంగా 350 వాట్లది. 350ని 230తో భాగిస్తే ఒకటిన్నర ఆంపియర్లు. గేమ్ ఆడేటప్పుడు నిజంగా తాగేది 200 వాట్లు అటూ ఇటూ కాబట్టి ఒక ఆంపియర్ కూడా దాటదు. రెండున్నర ఆంపియర్ల వైరు హాయిగా సరిపోతుంది.

మరి అమెరికా వైరుకే కన్వర్టర్ తగిలిస్తే? పనిచేస్తుంది. కానీ రెండు విషయాలున్నాయి. ఆ వైరు మీద చూడండి, సాధారణంగా `125V` అని ఉంటుంది. దాని తొడుగుని, ప్లగ్గుని పరీక్షించింది ఆ వోల్టేజికి. రెండోది కన్వర్టర్ బిగుతు. మన 6 ఆంపియర్ల సాకెట్టు పిన్నులు గుండ్రంగా, 5 మిల్లీమీటర్ల మందంతో ఉంటాయి. బజార్లో దొరికే చాలా కన్వర్టర్లకి ఉండేది యూరప్ తరహా 4 మిల్లీమీటర్ల పిన్ను. అది సాకెట్టులో వదులుగా ఊగుతుంది. ఊగిన చోట నిప్పురవ్వలు వస్తాయి, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతుంది. గేమ్ మధ్యలో కన్సోల్ ఉన్నట్టుండి ఆగిపోయి "సరిగ్గా ఆఫ్ చేయలేదు" అని తిడితే, తప్పు గేముది కాదు, ఆ ముక్కదే అయ్యుండొచ్చు. పదిహేను నిమిషాలు ఆడాక కన్వర్టర్‌ని ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉన్నా తీసి పారేయండి, ఎందుకంటే ఒక ఆంపియర్ కరెంటుకి మంచి కాంటాక్టు వేడెక్కే ప్రసక్తే లేదు.

అమెరికాలో మీరు గమనించని సంగతి ఒకటి ఇక్కడ తెలుస్తుంది. కన్సోల్ ఆన్‌లో ఉండగా వెనక లోహాన్నో హెచ్‌డీఎంఐ వైరు కొసనో ముట్టుకుంటే వేలు సన్నగా జివ్వుమంటుంది. కంగారు పడక్కర్లేదు, కన్సోల్ చెడిపోలేదు. రెండు పిన్నుల సప్లైకి ఎర్తింగు ఉండదు. లోపల రేడియో అంతరాయాన్ని ఆపడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ల గుండా కొంచెం కరెంటు బయటి లోహానికి చేరుతుంది, వోల్టేజి రెట్టింపు కాబట్టి ఇక్కడ అది ఎక్కువగా తెలుస్తుంది. మనిషికి దీనివల్ల ప్రమాదం లేదు. హెచ్‌డీఎంఐ పోర్టుకి మాత్రం అది మంచిది కాదు. అందుకని వైర్లు తగిలించేటప్పుడు టీవీ, కన్సోల్ రెండూ స్విచ్చు ఆపేసి, ముందు హెచ్‌డీఎంఐ పెట్టి, తర్వాతే కరెంటు ఇవ్వండి. జివ్వుమనడం కాకుండా గట్టిగా షాక్ కొడితే అది వేరే సమస్య, ఇంటి వైరింగు చూపించాలి.

స్విచ్: వోల్టేజి సమస్య లేదు, వేలాడే బరువే సమస్య

స్విచ్ అడాప్టర్ ఏ దేశంలో కొన్నా 100 నుంచి 240 దాకా తీసుకుంటుంది. కాబట్టి కాలిపోతుందన్న భయం లేదు. కానీ ఇక్కడ వైరు మార్చే వీలు లేదు. అడాప్టర్ ముద్ద గోడలోనే దూరుతుంది, టైప్-సి వైరు దానికే అతికి ఉంటుంది. నింటెండో మన దేశంలో స్విచ్‌ని అధికారికంగా అమ్మలేదు, కాబట్టి మన పిన్నుతో కంపెనీ అడాప్టర్ కోసం వెతకడం వృథా.

ఉన్న అడాప్టర్‌కి కన్వర్టర్ తగిలిస్తే, నిలువు బోర్డు మీద ఆ రెండింటి బరువూ పిన్నుల మీద వేలాడుతుంది. నెల తిరక్కుండా సాకెట్టు వదులవుతుంది. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుని నేల మీద పడుకోబెట్టి దాంట్లో పెడితే బరువు కిందికే దిగుతుంది, ఏ గొడవా లేదు. డబ్బు పెట్టకుండా అయ్యే ఉపాయం ఇదే.

రెండో దారి, ఇక్కడి పిన్నుతో ఉన్న టైప్-సి పీడీ, అంటే పవర్ డెలివరీ, ఛార్జర్ కొనడం. దాన్ని కొనేటప్పుడు మొత్తం వాట్లు చూసి మోసపోకండి. స్విచ్ అసలు అడాప్టర్ ఇచ్చేది 5 వోల్టులు లేదా 15 వోల్టులు. 15 దగ్గర 2.6 ఆంపియర్లు, అంటే 39 వాట్లు. టీవీకి కలిపే డాక్ పనిచేయాలంటే ఆ 15 వోల్టుల మెట్టు కచ్చితంగా ఉండాలి. 45 వాట్ల పీడీ ఛార్జర్ల లేబుల్ మీద సాధారణంగా `15V 3A` అని ఉంటుంది, అది సరిపోతుంది. ఫోన్‌తో వచ్చే ఫాస్ట్ ఛార్జర్ల మీద 60, 80 వాట్లని పెద్దగా రాసి ఉన్నా, చాలావాటిలో ఆ వేగం సొంత పద్ధతిలో, ఆ కంపెనీ ఫోన్లకే. పీడీలో 15 మెట్టు లేకపోతే స్విచ్ చేతిలో పట్టుకున్నప్పుడు నెమ్మదిగా ఛార్జ్ అవుతుంది కానీ డాక్‌లో పెడితే టీవీలో బొమ్మ రాదు. డాక్ పాడైందనుకుని కొత్తది కొనేముందు ఛార్జర్ లేబుల్ చూడండి. స్విచ్ 2 డాక్‌కైతే కావాల్సింది 20 వోల్టులు, 3 ఆంపియర్లు. పాత స్విచ్ అడాప్టర్ దానికి చాలదు.

ఎక్స్‌బాక్స్ వన్: అసలు లెక్కంతా ఇక్కడే

2013లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ వన్‌కి సప్లై బయట, పెద్ద నల్ల ఇటుకలా ఉంటుంది. అమెరికాలో కొన్నదాని మీద `100-127V` అనే ఉంటుంది. ఏ ప్రాంతంలో అమ్మిన ఇటుక ఆ ప్రాంతానికే అన్నది మైక్రోసాఫ్ట్ పద్ధతి. కాబట్టి ఇక్కడ పిన్ను మార్చడం అన్న దారే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, లేదంటే ఇటుకే మార్చాలి.

ట్రాన్స్‌ఫార్మర్ లెక్క ముందు. ఇటుక లేబుల్ మీద ఇన్‌పుట్ కరెంటు 4.91 ఆంపియర్లు అని ఉంటుంది. 100 వోల్టులతో గుణిస్తే 491 వోల్ట్-ఆంపియర్లు, పొట్టిగా వీఏ. అంటే లేబుల్ ప్రకారం 500 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. గేమ్ నడుస్తుండగా కన్సోల్ నిజంగా తాగేది దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. "అయితే 200 వీఏది చాలు కదా" అనిపిస్తుంది. కానీ మన బజార్లో ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన అంకెని సగానికి కోసి నమ్మడం మంచి అలవాటు. 500 వీఏదే తీసుకోండి. బరువు కిలోల్లో ఉంటుంది, సన్నగా గుయ్యిమంటుంది, కన్సోల్ ఆపేసినా వెచ్చగానే ఉంటుంది. గోడ దగ్గర స్విచ్చు ఆపితేనే దాని పని ఆగుతుంది.

ఇక్కడే ఒక వల ఉంది. ఆన్‌లైన్‌లో అరచేతిలో పట్టేంత చిన్న పెట్టెలు "1600 వాట్లు, 2000 వాట్లు" అన్న రాతతో కనిపిస్తాయి, రేటు కూడా తక్కువే. అవి ట్రాన్స్‌ఫార్మర్లు కావు. ప్రయాణాల్లో హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె లాంటివాటి కోసం చేసినవి. వోల్టేజిని నిజంగా దించవు, తరంగంలో కొంత భాగాన్ని కోసేసి సగటుని తగ్గిస్తాయి. వేడిచేసే తీగకి సగటు తగ్గితే చాలు. కానీ ఇందాక చెప్పుకున్న కెపాసిటర్ నిండేది శిఖరం దాకా కదా, కోసిన తరంగంలో ఆ శిఖరం అలాగే మిగిలి ఉండొచ్చు. ఇలాంటిదాన్ని గుర్తుపట్టడానికి మీటరు కూడా అక్కర్లేదు, చేత్తో ఎత్తి చూడండి. ఐదొందల వీఏ ట్రాన్స్‌ఫార్మర్ అంటే లోపల ఇనుము, రాగి ఉండాలి. సబ్బు పెట్టెంత తేలిగ్గా ఉంటే అది మీకు పనికిరాదు.

నిజమైన ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాక, దానికి ఏదీ తగిలించకుండా మల్టీమీటర్ పెట్టి అవుట్‌పుట్ చూడండి. 110, 120 మధ్య ఉండాలి. సాయంత్రం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి చూస్తే ఇంకా మంచిది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక నిష్పత్తిలో దించుతుందే తప్ప స్టెబిలైజర్‌లా నిలబెట్టదు. 230కి 110 ఇచ్చేది, లోడు తగ్గిన రాత్రివేళ లైను 250కి ఎక్కితే 120 ఇస్తుంది. అది పరవాలేదు. 230కే 120 ఇచ్చేదైతే అప్పుడు 130కి చేరుతుంది, అమెరికా ఇటుక హద్దు 127. అందుకని మన ఊళ్లకి 110 అవుట్‌పుట్ ఉన్నదే ఎంచుకోండి.

ఇంకొకటి అడగాలి. చవకగా వచ్చేవి ఎక్కువగా ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే లోపల ఒకటే చుట్ట, దాని మధ్యలోంచి 110 తీస్తారు. ఆ చుట్ట కింది భాగం ఎప్పుడైనా తెగితే 230 వోల్టులూ నేరుగా కన్సోల్ వైపు వస్తాయి. రెండు విడి చుట్టలున్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ భయం ఉండదు, కానీ బరువూ రేటూ ఎక్కువ. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఎలక్ట్రానిక్స్ షాపుల్లో రెండూ అడిగి చూడొచ్చు. ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ చేసేవాళ్లకి చెబితే కావాల్సిన కొలతకి చుట్టి ఇస్తారు. అమెరికాలోనే కొని తేవాలనుకునేవాళ్లు దాని మీద `50/60Hz` అని ఉందో లేదో చూడాలి. 60 హెర్ట్జ్‌కే చేసినది మన 50లో ఉండాల్సినదానికన్నా ఎక్కువ వేడెక్కుతుంది.

ఇప్పుడు రెండో దారి: ఇటుకే మార్చడం. ఎక్స్‌బాక్స్ వన్ మన దేశంలో 2014 సెప్టెంబర్ నుంచి అధికారికంగా అమ్మారు. కాబట్టి `200-240V` ఇటుకలు ఇక్కడ ఉన్నాయి. కన్సోల్ రిపేరు షాపుల్లో, చచ్చిపోయిన కన్సోళ్ల పక్కన ఇవి పడి ఉంటాయి. కన్సోల్‌కి వెళ్లే కొస రెండు చోట్లా ఒకటే, అవుట్‌పుట్ కూడా ఒకటే. 12 వోల్టుల దగ్గర 17.9 ఆంపియర్లు, దానితోపాటు స్టాండ్‌బై కోసం 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్. గుణించి కలిపితే దాదాపు 220 వాట్లు. కన్సోల్‌కి తేడా తెలిసే అవకాశమే లేదు.

ఆన్‌లైన్‌లో కొత్తగా దొరికే వేరే కంపెనీల ఇటుకలు `100-240V` అని ఉంటాయి. చూడ్డానికి ఇదే మేలైన ఎంపిక అనిపిస్తుంది. లేబుల్ కింది వరుస కూడా చదవండి. వాటిలో కొన్ని 12 వోల్టుల దగ్గర 10.83 ఆంపియర్లే ఇస్తాయి, అంటే 130 వాట్లు. మామూలు గేములకి లాగించేస్తుంది. కినెక్ట్ కెమెరా తగిలించి, యూఎస్‌బీ హార్డ్ డిస్కు కూడా పెట్టి పెద్ద గేమ్ ఆడితే కన్సోల్ ఒక్కసారిగా చీకటైపోతుంది. నన్నడిగితే పాతదైనా అసలు కంపెనీ 200-240 ఇటుకకే నా ఓటు. కొనేముందు షాపులోనే తగిలించి ఒక పావుగంట గేమ్ నడిపించమనండి. ఇటుక లోపల చిన్న ఫ్యాను ఉంటుంది, అది గరగరలాడుతుంటే బేరం తగ్గించండి, లేదా వేరేది అడగండి. ఇలాంటిది దొరికితే ట్రాన్స్‌ఫార్మర్ ఆలోచనే వద్దు. దొరకకపోతేనే, లేదా ఇంట్లో 120 వోల్టుల సామాన్లు ఇంకా ఉంటేనే, ట్రాన్స్‌ఫార్మర్‌కి అర్థం ఉంది.

వీ: ఖర్చు పెట్టే ముందు డిస్కులు చూడండి

అమెరికా వీ అడాప్టర్ మీద `120V` ఒక్కటే ఉంటుంది. అవుట్‌పుట్ 12 వోల్టులు, 3.7 ఆంపియర్లు. వీ కోసమే చేసిన 100-240 అడాప్టర్లు వేరే కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అవుట్‌పుట్ అదే అంకె ఉంటే తీసుకోవచ్చు. ఇంట్లో ఎక్స్‌బాక్స్ కోసం ఇప్పటికే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నట్టయితే ఈ అడాప్టర్ గోడ నుంచి లాగే 52 వాట్లు దానికి ఒక లెక్కే కాదు, దానికే తగిలించండి. కానీ ఒక మాట. వీ డిస్కులకి ప్రాంతం తాళం ఉంటుంది, అమెరికా వీలో అమెరికా డిస్కులే ఆడతాయి. డిస్కులు అక్కడే అమ్మేసి పెట్టె ఒక్కటే తెచ్చుకుంటే అడాప్టర్ మీద పెట్టే డబ్బు దండగ.

తేకూడని వస్తువు

నాలుగు కన్సోళ్లు, టీవీ పెట్టె, రౌటరు అన్నీ అమెరికా పిన్నులే కాబట్టి, అక్కడి పవర్ స్ట్రిప్ ఒకటి తెచ్చుకుని, దాని ఒక్క ప్లగ్గుకి కన్వర్టర్ పెట్టి అన్నీ దాంట్లో గుచ్చేద్దామనే ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఇల్లు కాలే అవకాశం ఉన్నది ఇక్కడే. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న స్ట్రిప్‌లో కూడా వేరిస్టర్ బిళ్లలు ఉంటాయి, వాటి హద్దు 120 వోల్టుల లైనుకి సరిపోయేంతే. 230 లైనుని అవి ఆగని మెరుపులా చూస్తాయి. వేడెక్కి, పొగ వచ్చి, ప్లాస్టిక్ కరుగుతుంది. దానికి తగిలించిన కన్సోళ్లన్నీ 240 దాకా తట్టుకునేవే అయినా ఈ స్ట్రిప్ తట్టుకోదు. ఇక్కడే మంచి స్పైక్ గార్డ్ కొనుక్కోండి.

ఇక్కణ్ణుంచి బయటికి వెళ్లేవాళ్లకి

హైదరాబాద్‌లో కొన్న ప్లేస్టేషన్ 5ని చదువుకోసం అమెరికా తీసుకెళ్తుంటే లేబుల్ చూడటం మామూలే. వైరు దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. అదే 350 వాట్లని 120తో భాగిస్తే 2.9 ఆంపియర్లు వస్తాయి. మీ 2.5 ఆంపియర్ల వైరు హద్దుని అది దాటేస్తోంది. ఆడేటప్పుడు నిజంగా తాగేది దీనికంటే తక్కువే అయినా, అక్కడ దిగాక అక్కడి పిన్నుతో ఎనిమిది ఆకారపు వైరు కొనుక్కోవడమే తేలిక. కన్వర్టర్‌తో సెమిస్టరంతా గడపకండి. లేబుల్ మీద `220-240V` అని మాత్రమే ఉంటే, వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్లడం కన్నా ఇక్కడ అమ్మేసి అక్కడ కొనుక్కోవడం నయం.

దుబాయ్, ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకి వోల్టేజి మనదే, 230. మారేది పిన్ను ఒక్కటే, మూడు పలకల పెద్ద ప్లగ్గు. దానిలోపల చిన్న ఫ్యూజు గొట్టం ఉంటుంది. అక్కడ వైరు కొంటే ఆ ఫ్యూజు మీద అంకె చూడండి. కన్సోల్‌కి వాడే సన్న వైరుకి 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. 13 ఆంపియర్లది ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఆ గొట్టాన్ని పైకి లేపి మార్చుకోవచ్చు. 3 ఆంపియర్ల గొట్టాలు అక్కడి సూపర్ మార్కెట్లలో కూడా దొరుకుతాయి.